నోటీస్ పీరియడ్ లెక్కలో ఒక రోజు తేడా వస్తోందా?

సమస్య

బెంగళూరులో ఉద్యోగం మారే మనవాళ్లకు తరచుగా వచ్చే టెన్షన్ ఇది. 2025 జనవరి 20న రాజీనామా మెయిల్ పెట్టారు, నోటీస్ 60 రోజులు అనుకుందాం. మార్చి 20 వరకు ఎన్ని రోజులో ఎక్సెల్‌లో చూస్తే 59. హెచ్ఆర్ 60 అంటారు. మారతహళ్లి పీజీలో రూమ్మేట్ నెలనెలా విడదీసి కూడితే 61 తేలింది.

ముందు కూడిక సరిచూడండి

వారం పేరుతో చూడటం నాకు నమ్మకమైన పద్ధతి. జనవరి 20 సోమవారం, మార్చి 20 గురువారం. సోమవారం నుంచి గురువారానికి మూడు రోజులు ముందుకు వెళ్లాలి. 59ని 7తో భాగిస్తే శేషం 3. కాబట్టి తేదీల మధ్య తేడా 59 అనడం సరైనదే. శేషం కుదరకపోతే ఫిబ్రవరి 28 రోజులా, 29 రోజులా అన్నది చూడండి. 2024లో అయితే ఇవే తేదీల మధ్య తేడా 60.

మరి 60 ఎలా వచ్చింది?

తీసివేత రెండు తేదీల మధ్య దూరాన్నే ఇస్తుంది. 20 నుంచి 22కి తేడా రెండే, కానీ 20, 21, 22 అని వేళ్ల మీద లెక్కపెడితే మూడు రోజులు. హెచ్ఆర్ మొదటి రోజునూ చివరి రోజునూ కలిపారు.

```
=B2-A2
=B2-A2+1
```

A2లో జనవరి 20, B2లో మార్చి 20 ఉంటే మొదటిది 59, రెండోది 60.

61 మాత్రం తప్పే. జనవరి 20 నుంచి ఫిబ్రవరి 20 వరకు రెండు చివరలూ కలిపి 32, ఫిబ్రవరి 20 నుంచి మార్చి 20 వరకు 29. రెండు ముక్కల్లోనూ ఫిబ్రవరి 20 పడింది. ముక్కలుగా కూడాలంటే తేడాలే కూడండి, 31 + 28 = 59. ఒకటి కలపాల్సి వస్తే చివర్లో ఒక్కసారే.

ఏది వాడాలి?

దీనికి జవాబు ఆఫర్ లెటర్‌లోనే ఉండాలి. మెయిల్ పెట్టిన రోజు లెక్కలోకి వస్తే 60వ రోజు మార్చి 20, రాకపోతే మార్చి 21. కేంద్ర చట్టాల్లో ‘ఫలానా తేదీ నుంచి’ అంటే ఆ తేదీని వదిలేస్తారు. 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ 9వ సెక్షన్ అందుకు ఆధారం. కంపెనీ ఒప్పందం చట్టం కాదు, దాని మాటలను బట్టే పోవాలి. స్పష్టంగా లేకపోతే ‘మెయిల్ పెట్టిన రోజు లెక్కలో ఉందా? నా ఆఖరి పనిదినం ఏ తేదీ?’ అని హెచ్ఆర్‌ను మెయిల్‌లోనే అడగండి.

పనిదినాలే లెక్క అయితే `NETWORKDAYS` వాడతాం. అది రెండు చివరలనూ ముందే కలుపుకుంటుంది, దానికి మళ్లీ `+1` వేయకండి.