రెండర్‌లో ఒక్కసారికి ఒక్కటే మార్చండి

బ్లెండర్ అనే 3D సాఫ్ట్‌వేర్‌లో ఇత్తడి చెంబు చేశాను. మెటాలిక్ 1 పెట్టినా మట్టి రంగు ప్లాస్టిక్‌లా కనిపించింది. రఫ్‌నెస్, లైట్ పవర్, రంగు మూడూ ఒకేసారి మార్చేశాను. కాస్త మెరుగైంది కానీ, దేని వల్లో తెలియలేదు. మళ్లీ మొదటికి వెళ్లి ఒక్కొక్కటే మార్చాను.

ముందు రఫ్‌నెస్ 0.5 నుంచి 0.25 చేశాను. మెరుపు చిన్నదై పదునెక్కింది, కానీ చెంబు ఇంకా నల్లబడింది. లోహం చుట్టూ ఉన్నదాన్నే చూపిస్తుంది, నా సీన్‌లో చుట్టూ ఉన్నది చీకటే. రఫ్‌నెస్‌ని తిరిగి 0.5కి తెచ్చి, పక్కన పలకలా ఒక తెల్ల ప్లేన్ నిలబెట్టాను. చెంబు పొట్ట మీద పొడవాటి వెలుగు గీత పడింది, అప్పుడు ఇత్తడి అనిపించింది. ఆ తర్వాత మళ్లీ 0.25 పెడితే ఈసారి నల్లబడలేదు, గీత అంచు చక్కగా తేలింది. అదే మార్పు, ఫలితం వేరు. అందుకే నోట్స్‌లో విలువతో పాటు అప్పుడు పక్కన ఏముందో కూడా రాస్తాను:

```
03 రఫ్‌నెస్ 0.5>0.25, ప్లేన్ ఉంది: గీత అంచు పదును
```

పోల్చడానికి ఒక్కో రెండర్‌ని ఒక్కో స్లాట్‌లో పెట్టి J నొక్కుతూ మార్చి చూడండి, తేడా వెంటనే కళ్లకు తగులుతుంది. ఫైల్ మూస్తే స్లాట్‌లు పోతాయి కాబట్టి నోట్స్‌లోని నంబరుతోనే ఇమేజ్‌ని సేవ్ చేసుకోండి. కెమెరా, శాంపిల్స్, సీడ్, వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ మాత్రం మధ్యలో ముట్టుకోవద్దు.