వెళ్లేటప్పుడు 36, వచ్చేటప్పుడు 12: సగటు వేగం 24 ఎందుకు కాదు?

సమస్య

రానుపోను ప్రయాణం లెక్కలో రెండు వేగాలూ కలిపి రెండుతో భాగిస్తారు. వచ్చిన జవాబు ఆప్షన్లలో కనిపిస్తుంది కాబట్టి ధైర్యంగా టిక్ పెట్టేస్తారు. కీ చూస్తే తప్పు. దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షలకు లెక్కలు చెబుతాను; ఈ ఫిర్యాదు రాని బ్యాచ్ లేదు. మొన్న ఒకమ్మాయి నోట్సు తెచ్చి, "సార్, కీలోనే తప్పుందేమో ఒకసారి చూడండి" అంది.

లెక్క ఇది. ఒకాయన దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి పొద్దున్నే గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్లాడు. సాయంత్రం ట్రాఫిక్‌లో అదే దారిన గంటకు 12 కిలోమీటర్ల వేగంతో తిరిగొచ్చాడు. మొత్తం మీద సగటు వేగమెంత? ఆమె 24 అని రాసింది. కీలో 18 ఉంది. కీయే సరైనది.

కారణం

దారి సగం సగమే. కానీ సమయం సగం సగం కాదు. తప్పంతా ఇక్కడే ఉంది.

దూరం ఒకవైపు 24 కిలోమీటర్లు అనుకుందాం. పొద్దున 6:30కి బయలుదేరితే 7:10కల్లా ఆఫీసులో ఉంటాడు, అంటే 40 నిమిషాలు. సాయంత్రం 6కి బయలుదేరితే ఇల్లు చేరేసరికి 8 అవుతుంది, అంటే 120 నిమిషాలు. ఆ అమ్మాయి నోట్సులోనే 20 నిమిషాలకు ఒక గడి చొప్పున గీయించాను. వెళ్లడానికి రెండు గడులు, రావడానికి ఆరు. ప్రతి గడిలోనూ అప్పటి వేగం రాయమన్నాను:

```
36 36 | 12 12 12 12 12 12
```

ఎనిమిది గడులూ కూడితే 144. ఎనిమిదితో భాగిస్తే 18. ఆరు గడుల నిండా 12 ఉన్నాక సగటు 24 దాకా ఎలా వెళ్తుందో ఆమెకు ఇక వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. నెమ్మదిగా నడిచిన బండి రోడ్డు మీద ఎక్కువసేపు ఉంటుంది. అందుకే సగటు ఆ వేగం వైపే మొగ్గుతుంది.

పరిష్కారం

మొత్తం దూరాన్ని మొత్తం సమయంతో భాగించండి, అంతే. ఇక్కడ 48 కిలోమీటర్లు, 160 నిమిషాలు. గంటల్లో చెప్పాలంటే 8/3. భాగిస్తే 18. 2 గంటల 40 నిమిషాలను 2.4 గంటలని రాస్తే మాత్రం 20 వచ్చి మళ్లీ తప్పుతుంది. నిమిషాలను 60తో భాగించాకే గంటల్లో కలపాలి.

దూరం ఇవ్వలేదని టెన్షన్ పడకండి. రెండు వేగాలకూ క.సా.గు. తీసుకుని దాన్నే ఒకవైపు దూరమనుకోండి. 36, 12ల క.సా.గు. 36. వెళ్లడానికి ఒక గంట, రావడానికి మూడు గంటలు. 72ని 4తో భాగిస్తే 18. దూరం ఎంతైనా జవాబు మారదు, ఎందుకంటే అది పైనా కిందా ఉండి కొట్టేసుకుపోతుంది. వెళ్లిన వేగం a, తిరిగొచ్చిన వేగం b అనుకుంటే, అలా మిగిలేదే ఈ సూత్రం:

```
2ab / (a + b)
```

దీన్నే హరాత్మక మధ్యమం అంటారు.

సూత్రం వాడినా తప్పు వస్తుంటే

ప్రశ్న మళ్లీ చదవండి. ఈ సూత్రం రెండు దూరాలూ సమానమైనప్పుడే పనిచేస్తుంది. "ఒక గంట 36 వేగంతో, ఇంకో గంట 12 వేగంతో" అని ఉంటే సమయాలే సమానం కాబట్టి అక్కడ 24 సరైన జవాబు. దూరాలూ సమయాలూ రెండూ వేరువేరుగా ఉంటే ఏ షార్ట్‌కట్టూ వద్దు. మొత్తం దూరం, మొత్తం సమయం వేసుకోవడమే మంచిది.

జవాబే రాకపోతే

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. వెళ్లేటప్పుడే ట్రాఫిక్ దొరికి 12 వేగంతో వెళ్లాడనుకోండి. మొత్తం సగటు 24 కావాలంటే ఎంత వేగంతో తిరిగి రావాలి? చాలామంది తడుముకోకుండా 36 అంటారు. సూత్రంలో పెట్టిన వాళ్లకు b ఎగిరిపోయి, 12 సున్నాకు సమానమని తేలుతుంది. అప్పుడు ఎక్కడో పొరపాటు చేశామని కొట్టేసి మళ్లీ మొదలుపెడతారు.

పొరపాటేమీ లేదు. 24 సగటుతో 48 కిలోమీటర్లు తిరగాలంటే మొత్తం 2 గంటలే ఉంటాయి. ఆ 2 గంటలూ వెళ్లడానికే అయిపోయాయి. తిరిగి రావడానికి ఒక్క నిమిషం కూడా మిగల్లేదు, కాబట్టి విమానం ఎక్కి వచ్చినా కుదరదు. రానుపోను సగటు ఎప్పుడూ తక్కువ వేగానికి రెట్టింపు కంటే తక్కువే ఉంటుంది. పరీక్షలో ఆ హద్దు చేరిన ఆప్షన్లను, దాటిన వాటిని లెక్క చేయకుండానే కొట్టేయవచ్చు.