నడిస్తే వణికే రీడింగ్

హనుమకొండలో మా ఆఫీసు మొదటి అంతస్తులో మైక్రోబ్యాలెన్స్, అంటే అతి సూక్ష్మమైన బరువులు తూచే యంత్రం పెట్టాం. పక్కన ఎవరైనా నడిస్తే చాలు, రీడింగ్ నిలిచేది కాదు. స్లాబ్ కూలుతుందేమోనని ఓనర్‌కు టెన్షన్. బలానికేం ఢోకా లేదు, గొడవంతా ఊపుతోనే.

ముందు బల్ల కింద మెత్తటి రబ్బరు ప్యాడ్లు వేశాను. ఊపు ఇంకా పెరిగింది! తర్వాత ఊపును కొలిచే యాక్సిలరోమీటర్ పెట్టి, మునివేళ్లపై లేచి మడమలు దబ్బున దించితే స్లాబ్ సహజ పౌనఃపున్యం 8 హెర్ట్జ్ అని తేలింది. సెకనుకు రెండడుగుల నడకకు నాలుగో హార్మోనిక్, అంటే దానికి నాలుగు రెట్ల పౌనఃపున్యం, సరిగ్గా అదే.

మామూలు ఆఫీసుకు సెకనుకు 400 మైక్రోమీటర్ల ఆర్‌ఎంఎస్ కంపన వేగం దాకా పర్వాలేదు. ఇలాంటి బ్యాలెన్స్‌కు, సున్నితమైన పరికరాల కోసం పెట్టిన వీసీ-ఏ అనే కంపన ప్రమాణం ప్రకారం హద్దు 50. మనిషి నడుస్తుండగా స్లాబ్ మధ్యలో 140 వచ్చింది, స్తంభం పక్కన 35. అంటే ఆఫీసుకు పాస్, బ్యాలెన్స్‌కు మధ్యలో ఫెయిల్. ప్యాడ్లు తీసేసి బల్లను స్తంభం పక్కకు జరిపాం. రీడింగ్ నిలిచింది. కింద జనరేటర్ నడిచేటప్పుడు మాత్రం ఇంకోసారి కొలవాలి.