వాక్యం చివర గొంతు దిగిపోతోందా? సమస్య - పరిష్కారం

మైకు ముందు చదివేవాళ్లు, తరగతిలో పాఠం చెప్పేవాళ్లు నాతో చెప్పుకునే బాధ చాలావరకు ఒకటే: "మొదలు బాగానే ఉంటుందండీ, వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు దిగిపోతోంది." దీనికి చుట్టుపక్కల వాళ్లు ఇచ్చే సలహా కూడా ఒకటే: "గట్టిగా ఊపిరి పీల్చుకో." ఆ సలహా పాటించి కొత్త సమస్య తెచ్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను. దాని సంగతి తర్వాత చెప్తాను.

తెలుగులో ఈ లోపం మరీ ఇబ్బంది పెడుతుంది. మన వాక్యంలో అసలు సంగతి చివరే ఉంటుంది. లేదు, కాదు, వద్దు అన్నీ చివరే వస్తాయి. "ఇస్తారు"ని "ఇస్తారా" చేసే దీర్ఘమూ అక్కడే, విన్నమాట అని తెలిపే "అట" కూడా అక్కడే. "రేపు బడికి సెలవు ఇవ్వడం లేదు" అన్నప్పుడు ఆ చివరి రెండు అక్షరాలు గొంతులోనే ఉండిపోతే వెనక బెంచీ పిల్లలు రేపు ఇంట్లోనే ఉంటారు.

ముందుగా కొంచెం లెక్క

స్వరతంత్రులు కంపించాలంటే వాటి కింద గాలి కొంత ఒత్తిడితో ఉండాలి. ఈ ఒత్తిడిని నీటి లోతుతో కొలుస్తారు. గ్లాసు నీళ్లలో స్ట్రాను 7 సెంటీమీటర్లు ముంచి ఊది బుడగలు తెప్పించాలంటే ఎంత ఒత్తిడి కావాలో, మామూలు మాటకూ సుమారు అంతే కావాలి. మనిషిని బట్టి, సందర్భాన్ని బట్టి అది 5 నుంచి 10 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. మెల్లగా మాట్లాడినా 3కు అటూఇటూగా ఉండాలి. అంతకంటే తగ్గితే తంత్రులు సరిగా కదలవు, గొంతు గరగరమని ఆగిపోతుంది.

ఈ ఒత్తిడి చాలావరకు ఉచితంగానే వస్తుంది. పీల్చినప్పుడు సాగిన ఊపిరితిత్తులు, ఛాతీ గోడ రబ్బరులా తమంతట తామే వెనక్కి వస్తాయి. నిండుగా పీల్చి, ఇక రాదనేంత వరకు వదిలితే బయటికొచ్చే మొత్తం గాలిని 100 అనుకోండి. ఏ కండరమూ పనిచేయకుండా వదిలేసినప్పుడు ఛాతీ 40 దగ్గర ఆగుతుంది. ఇది విశ్రాంతి మట్టం. మామూలుగా మాట్లాడేటప్పుడు 60 దగ్గర మొదలుపెట్టి, 40కి కాస్త అటూఇటూగా ముగించి, మళ్లీ పీలుస్తాం. 60 దగ్గర ఆ రబ్బరు బలం 10 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, 40 దగ్గర సున్నా. అంతకంటే కిందికి పోతే ఛాతీయే గాలిని లోపలికి లాగుతుంది. అప్పుడు మాట సాగాలంటే పొట్ట కండరాలు, పక్కటెముకల మధ్య కండరాలు పిండాల్సిందే.

ఒక పీల్పుకీ ఇంకో పీల్పుకీ మధ్య పలికే మాటల్ని ఇక్కడ శ్వాస ఖండం అంటాను. దాని పొడవును నిర్ణయించేది 60కీ 40కీ మధ్య ఉన్న ఆ గాలే.

సమస్య 1: చివరి మాట మునిగిపోతోంది

ఇక్కడ రెండు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. బయటికి రెండూ ఒకేలా వినపడతాయి. వేరు చేయడానికి సులువైన పరీక్ష ఉంది. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని పొడుగాటి వాక్యం చదవండి. చివరి మాట పలకగానే నోరు తెరిచే ఉంచి, ఒళ్లు పూర్తిగా వదిలేయండి. పీల్చకండి, వదలకండి. గాలి ఎటు పోతుందో చూడండి.

దానంతట అదే లోపలికి వచ్చేస్తే మీరు విశ్రాంతి మట్టం దాటి కిందికి పోయారన్నమాట. గాలి నిజంగానే చాల్లేదు. అలా కాకుండా "హమ్మయ్య" అన్నట్టు బయటికి పోతే లోపల గాలి మిగిలే ఉంది. మీరే ముందుగా ఒత్తిడి వదిలేశారు.

రెండోది అలవాటు వల్ల వచ్చేది. శ్వాస ఖండం సాగేకొద్దీ శ్రుతి మెల్లగా దిగడం, చివర ఒత్తిడి పడిపోవడం సహజమే. వాక్యం అయిపోయిందని వినేవాడికి తెలిసేది కూడా దానివల్లే. ఆ దిగుడు చివరి అక్షరం మీద రావాలి. కొందరిలో అది రెండు మూడు మాటల ముందే మొదలవుతుంది. వాళ్లు కాగితం మీద క్రియను చూడగానే పని అయిపోయిందనుకుంటారు. దీనికి నేను చేయించేది ఒక్కటే. వాక్యం తర్వాత "అండీ" అనే మాట ఉందనుకుని చదవమంటాను. మొదట పైకే అనాలి: "సెలవు ఇవ్వడం లేదండీ." కొన్నాళ్లకు "అండీ"ని మనసులోనే అనుకోవాలి. దిగుడు ఆ కనపడని మాట మీదికి జరుగుతుంది, "లేదు" నిలబడుతుంది.

మొదటి కారణమైతే గొంతుకు చేసే సాధన ఏదీ పనికిరాదు. ఊపిరి తీసుకునే చోటు మార్చాలి. ఒక స్కూల్ టీచరమ్మ అసెంబ్లీలో చదివిన ప్రకటన తీసుకుందాం:

"నిన్న రాత్రి కురిసిన భారీ వర్షానికి వాగు పొంగి రోడ్డు తెగిపోవడంతో పట్టణం నుంచి గ్రామానికి వెళ్లే బస్సులను ఈరోజు మధ్యాహ్నం వరకు నడపడం లేదు."

అక్షరాలు లెక్కపెడితే 56. ఆవిడ సెకనుకు ఆరు చొప్పున చదివేవారు, అంటే తొమ్మిది సెకన్ల పైమాట. మాట్లాడేటప్పుడు గాలి ఖర్చు సెకనుకు సుమారు 150 మిల్లీలీటర్లు అనుకుంటే మొత్తం 1,400 మిల్లీలీటర్లు కావాలి. ఆవిడ నిండు ఊపిరి మూడున్నర లీటర్లు అనుకుందాం. 60 నుంచి 40 దాకా ఉన్న గాలి అందులో ఐదో వంతు, అంటే 700 మిల్లీలీటర్లు. కావలసినదాంట్లో సరిగ్గా సగం! ఒకే ఊపిరిలో చదివేసరికి "బస్సులను" దగ్గర గొంతు బిగిసేది, "మధ్యాహ్నం" దగ్గర గరగర వచ్చేది, "నడపడం లే..." దగ్గర మాట ఆగిపోయేది.

700 మిల్లీలీటర్లతో దాదాపు 28 అక్షరాలు నడుస్తాయి. ఆ వాక్యంలో "తెగిపోవడంతో" సరిగ్గా 26వ అక్షరం దగ్గర ముగుస్తుంది. అర్థం కూడా అక్కడే విరుగుతుంది. అక్కడ ఒక పూర్తి ఊపిరి తీసుకోమన్నాను. మిగిలిన 30 అక్షరాలు అంచు మీద ఉన్నాయి కాబట్టి "బస్సులను" తర్వాత అర సెకనులో ఒక చిన్న గుక్క. అలా చేస్తే చివరి ఖండంలో 15 అక్షరాలే మిగిలాయి. "లేదు" దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఇంకా విశ్రాంతి మట్టానికి పైనే ఉన్నారు. గొంతును ఏమీ చేయలేదు, కాగితం మీద రెండు గీతలు గీశామంతే.

గీతలు ఎక్కడ గీయాలో మన వ్యాకరణమే చెప్తుంది. "వచ్చి", "చూసి", "పొంగి" లాంటి అసమాపక క్రియల తర్వాత, "-డంతో", "-డం వల్ల", "అని", "కాబట్టి" తర్వాత ఆగితే వినేవాడికి ఇంకా ఉందని తెలుస్తుంది, ఎదురుచూస్తాడు. "కురిసిన" తర్వాత మాత్రం ఆగొద్దు. కురిసింది ఏమిటో తెలియకుండా వాణ్ని గాల్లో వేలాడదీసినట్టు అవుతుంది. "వెళ్లే"కీ "బస్సులు"కీ మధ్య కూడా అంతే.

పద్యం చదివే అలవాటున్నవాళ్లకు ఈ కొలత కొత్త కాదు. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, చంపకమాలలో 21. ఛందస్సు ఊపిరిని కొలిచి పుట్టిందని నేను వాదించను కానీ, రాగం తీయకుండా చదివితే ఒక పాదం ఒక ఊపిరిలో హాయిగా సరిపోతుంది.

సమస్య 2: మొదటి మాటలు పేలుతున్నాయి, గొంతు బిగుస్తోంది

ఇది "గట్టిగా పీల్చుకో" సలహా ఇచ్చే బహుమతి. భుజాలు పైకి లేచేంతగా 90 దాకా పీల్చారనుకోండి. అక్కడ రబ్బరు బలం 20 సెంటీమీటర్లు దాటుతుంది, మాటకు కావలసింది ఏడే. మిగతాది ఎవరో ఆపాలి. ఆపాల్సింది గాలిని లోపలికి పీల్చిన కండరాలే. అవి వెంటనే వదిలేయకుండా, ఛాతీని పట్టుకుని మెల్లగా దించాలి. డ్రేపర్, లాడిఫోగెడ్, విటరిడ్జ్ 1959లో ప్రచురించిన ప్రయోగాల్లో ఈ పని కనపడింది. కండరాల్లోని విద్యుత్తును కొలిస్తే, మాట మొదలైన తర్వాత కూడా పీల్చే కండరాలు కాసేపు పనిచేస్తూనే ఉన్నాయి.

ఆ పట్టు అలవాటు లేనివాళ్లలో రెండింటిలో ఒకటి జరుగుతుంది. గాలి ఒక్కసారిగా తన్నుకొచ్చి మొదటి మాట అరుపులా వస్తుంది. లేదా గొంతే తలుపు బిగించినట్టు అడ్డుపడుతుంది, మాట నొక్కినట్టు వస్తుంది. టెన్షన్‌లో ఉన్నవాళ్లలో రెండోదే ఎక్కువ.

పరిష్కారం తక్కువ పీల్చడమే. కూర్చుని మామూలుగా ఊపిరి ఆడుతున్నప్పుడు తీసుకునే దానికి రెట్టింపు చాలు. పట్టు నేర్చుకోవాలంటే గ్లాసు, స్ట్రా తీసుకోండి. స్ట్రా కొసను నీటి మట్టానికి సరిగ్గా 5 సెంటీమీటర్ల కిందికి ముంచి, ఐదు సెకన్లపాటు బుడగలు ఆగకుండా, ఉధృతం కాకుండా ఊదండి. ఇది స్పీచ్ థెరపిస్టులు వాడే పాత పరీక్షే. బుగ్గలు ఉబ్బించి దొంగాట ఆడే వీలుంది కాబట్టి పెదవుల మూల నుంచి కొంచెం గాలి కారనివ్వాలి. మొదటి సెకనులోనే నీళ్లు ఎగిరిపడుతున్నాయంటే పట్టు లేదు. చివర్లో బుడగలు ఆగిపోతే పిండే బలం చాలడం లేదు.

ఒక పక్కమాట. ప్రతి అక్షరానికీ పొట్టతో ఒక తోపు ఇవ్వాలని ఇప్పటికీ కొందరు శిక్షకులు చెప్తారు. ప్రతి అక్షరం వెనకా ఛాతీ నుంచి ఒక తోపు ఉంటుందని స్టెట్సన్ అనే ఆయన ఒకప్పుడు ప్రతిపాదించిన మాటే ఇది. పైన చెప్పిన 1959 ప్రయోగాలు దాన్ని నిలబడనివ్వలేదు. మామూలు మాటలో ఒత్తిడి ఖండం పొడవునా దాదాపు నిలకడగా ఉంటుంది, నొక్కి చెప్పే మాట దగ్గర మాత్రం కాస్త పెరుగుతుంది. అక్షరానికో తోపు ఇచ్చేవాళ్లు త్వరగా అలసిపోతారు, అంతే.

సమస్య 3: మాట మధ్యలో ఎగశ్వాస

మెట్లెక్కి వచ్చి వెంటనే మైకు పట్టుకుంటే ఇదే అవుతుంది. శరీరానికి ఆ క్షణంలో కావలసింది కార్బన్ డయాక్సైడు బయటికి పోవడం, మీ వాక్యం కాదు. ఖండాలు పది అక్షరాలకు పడిపోతాయి, "కురిసిన" తర్వాత ఆగకూడదన్న నియమం కూడా గాలికి పోతుంది. ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఆగే వీలు లేకపోతే వాక్యాల్నే పొట్టిగా చేసుకోండి: "వాగు పొంగింది. రోడ్డు తెగింది. బస్సులు లేవు."

సమస్య 4: సరిగ్గా పీల్చినా, సరైన చోట ఆగినా గాలి చాలడం లేదు

అప్పుడు అనుమానించాల్సింది ఊపిరిని కాదు, తలుపును. స్వరతంత్రులు పూర్తిగా కలవకపోతే ప్రతి అక్షరంలో గాలి వృథాగా కారుతుంది, గొంతు బొంగురుగానో గాలిగాలిగానో ఉంటుంది. ఒకే కొలత ఊపిరితో "స్‌స్‌స్" అని ఎంతసేపు లాగగలరో, నోరు మూసి తుమ్మెదలా ఎంతసేపు రొద చేయగలరో ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూడండి. మొదటిదానికి గొంతు పనిచేయదు, రెండోదానికి పనిచేస్తుంది. రెండూ ఇంచుమించు ఒకే సమయం వస్తే మంచిదే. "స్" 18 సెకన్లు వచ్చి రొద 9 దగ్గరే ఆగిపోతే ఊపిరి బాగానే ఉంది, కారుతున్నది గొంతు దగ్గర. రెండూ పొట్టిగానే ఉంటే ఊపిరి వైపు చూడాలి.

ఇది ఇంట్లో చేసుకునే అంచనా మాత్రమే. బొంగురు నాలుగు వారాలు దాటినా, మింగేటప్పుడు నొప్పి ఉన్నా, ఊపిరి పీల్చేటప్పుడు చప్పుడు వస్తున్నా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లి స్వరతంత్రులను నేరుగా చూపించుకోవాలి. తంత్రుల మీద కాయ ఉన్నవాళ్లకు నేను చెప్పిన గీతలు, స్ట్రాలు పనిచేయవు.