బోరు లోతు గుణకం సున్నా ఎలా అయింది: నా అనుభవం

మా నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుంటుందో పది కొలతల నుంచి అంచనా వేయాలనుకున్నాను. ప్రతి ఊళ్లో పదీ పరీక్ష చేయించలేం కాబట్టి అవసరం లేనివి పోవాలి. గుణకాలు పెద్దవైతే పెనాల్టీ వేసే `Ridge` రిగ్రెషన్ వాడితే, ఒక్కో కొలతకు ఉండే గుణకాలన్నీ చిన్నవయ్యాయి గానీ ఒక్కటీ సున్నా కాలేదు. చాలా టెన్షన్ పడ్డాను. ఇంకో రకం పెనాల్టీ వేసే `Lasso`కి మారగానే కొన్ని అచ్చంగా సున్నా అయ్యాయి.

ఎందుకో గ్రాఫ్ కాగితం మీద గీస్తే అర్థమైంది. లెక్క తేలిక కావడానికి రెండు గుణకాలే తీసుకున్నాను: బైకార్బొనేట్‌ది `a` అడ్డంగా, బోరు లోతుది `b` నిలువుగా. పెనాల్టీ లేకుంటే తప్పు అన్నిటికన్నా తక్కువయ్యే చోటు (3, 0.5) అనుకుందాం. దాని చుట్టూ గుండ్రటి వలయాలు, బయటికి పోయేకొద్దీ తప్పు పెరుగుతుంది. `Ridge` వాడే వర్గాల పెనాల్టీకి హద్దు వృత్తం. వ్యాసార్థం 2 అయితే వలయం దాన్ని (1.97, 0.33) దగ్గర తాకుతుంది, అంటే లోతు ఇంకా మిగిలే ఉంది.

`Lasso` వాడే పరమమూల్యం పెనాల్టీకి హద్దు `|a| + |b| ≤ 2`. ఇది గాలిపటంలా మూల మీద నిలబడ్డ చతురస్రం, మూలలన్నీ అక్షాల మీదే ఉంటాయి. వలయం సరిగ్గా (2, 0) మూలనే తాకుతుంది. తప్పును (3, 0.5) నుంచి దూరపు వర్గంగా తీసుకుంటే అక్కడ అది 1² + 0.5² = 1.25. అంచు వెంట (1.9, 0.1)కి జరిగి చూశాను, 1.37 అయింది. లోతుకు కాస్త చోటిచ్చినా నష్టమే, అందుకే సున్నా.

ముందుగా కాలమ్‌లన్నీ ఒకే స్కేలుకు తేవాలి. నేను మొదట అది మరిచిపోయి, లోతును అడుగుల నుంచి మీటర్లకు మార్చగానే ఫలితం మారిపోయింది.