బాలింత దిగులు రెండు వారాలు దాటితే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

కాన్పయిన నాలుగో రోజున బాలింత కారణం లేకుండా ఏడిస్తే ఇల్లంతా కంగారుపడుతుంది. అదే మనిషి నాలుగో వారంలో ఏడుపు మాని మౌనంగా కూర్చుంటే కుదుటపడిందనుకుంటారు. బాలింతలను చూసుకునే నర్సుగా నాకు పదే పదే ఎదురయ్యే పొరపాటు ఇదే. నిజంగా జాగ్రత్తపడవలసింది ఆ మౌనాన్ని చూసినప్పుడు.

1. తేదీ రాసుకోండి. ఒక నోటుపుస్తకం చాలు. కాన్పయిన రోజు మొదలుకొని ఆమె ఎంత నిద్రపోయిందో, ఎంత తిన్నదో, ఎలా ఉన్నదో రోజుకొక వాక్యం రాయండి. మాయ బయటికి వచ్చాక హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్రలేమి కలిసి తెచ్చే దిగులునే బేబీ బ్లూస్ అంటారు. సగానికి పైగా బాలింతల్లో కనిపించే ఈ దిగులు రెండు మూడు రోజుల్లో మొదలై, మధ్యమధ్య నవ్వుతూనే సాగి, రెండు వారాల్లోపు మందులు లేకుండానే తగ్గిపోతుంది. అప్పటికీ తగ్గకపోయినా, అంతకుముందే ఆమె లేవలేని స్థితికి చేరినా డిప్రెషన్‌గా అనుమానించాలి. అది మొదటి ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు.

2. రాత్రి గమనించండి. నేను ముందుగా చూసేది నిద్రనే. బిడ్డ గాఢంగా నిద్రపోతున్నా, పక్కన చూసుకునేవాళ్లున్నా, తల్లికి నిద్ర పట్టడం లేదంటే అది అలసట మాత్రమే కాదు. ఆకలి చచ్చిపోవడం, బిడ్డపై ఏ భావమూ కలగకపోవడం, ‘నేను తల్లిగా పనికిరాను’ అనడం కూడా అంతే బరువైన సంకేతాలు.

3. అడగండి. అందరూ చెడగొట్టేది ఈ మెట్టునే. చుట్టాల మధ్య ‘ఎలా ఉన్నావమ్మా?’ అంటే ‘బాగానే ఉన్నాను’ తప్ప మరో జవాబు రాదు. ఒక్కరే అడగాలి, బిడ్డ మరొకరి చేతిలో ఉండాలి, ఎదురుగా కాక పక్కన కూర్చోవాలి.

ఒక ఇంట్లో ఇరవై రోజుల బాలింత గురించి భర్త ‘ఇప్పుడు ఏడవడం లేదు, పర్వాలేదు’ అన్నారు. ఆయన పుస్తకంలో మాత్రం వరుసగా అయిదు రాత్రులు ‘మెలకువగానే ఉంది, బిడ్డ ఊపిరి చూస్తోంది’ అని ఉంది. ఆ సాయంత్రం బట్టలు మడతపెడుతూ ఆయన ఇలా అడిగారు: ‘బిడ్డ పడుకున్నాక కూడా నీకు నిద్ర పట్టడం లేదు. ఆ సమయంలో ఏం ఆలోచనలు వస్తున్నాయి?’ చాలాసేపటికి ఆమె, ‘నేను లేకపోతే మీరిద్దరూ సుఖంగా ఉంటారనిపిస్తోంది’ అన్నది.

అలాంటి మాట విన్నప్పుడు ‘ఛ, అలా అనకు’ అనకండి. ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనే భయం నిజం కాదు. కాన్పు తరువాతి డిప్రెషన్‌ను గుర్తించడానికి వైద్యులు వాడే ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని పది ప్రశ్నల్లో చివరిది కూడా తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించే. ఆ కాగితాన్ని చేతికిచ్చి వెళ్లిపోవడం కన్నా పక్కన కూర్చుని మాట్లాడించడమే మేలని నా అభిప్రాయం. చనిపోవాలనిపిస్తోందని ఆమె చెబితే ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మరొక జాగ్రత్త కూడా అవసరం. బిడ్డకు ఏదో హాని జరుగుతున్నట్టు ఊహలు వచ్చి, వాటికి తానే వణికిపోయే తల్లులు చాలామంది ఉంటారు. ఆ మాట చెప్పగానే బిడ్డను లాక్కుంటే ఆమె ఇంకెప్పుడూ నోరు విప్పదు. భయపడుతూ చెప్పినందుకు ఆమెను మెచ్చుకుని, వైద్యులకు చెప్పించండి.

4. నిద్ర ఇప్పించండి. సలహాల కన్నా ఇది ముఖ్యం. రాత్రిపూట కనీసం నాలుగైదు గంటలు ఎవరూ లేపకుండా ఆమె వేరే గదిలో పడుకోవాలి. ఆ సమయంలో ముందే పిండి ఉంచిన తల్లిపాలనో, వైద్యులు సూచించిన పాలనో బిడ్డకు మరొకరు పట్టాలి.

5. వైద్యుల దగ్గరికి వెళ్లండి. నోటుపుస్తకాన్ని వెంట తీసుకెళ్లండి. రక్తహీనత, కాన్పు తరువాత వచ్చే థైరాయిడ్ సమస్య కూడా ఇలాగే కనిపించగలవు కనుక రక్తపరీక్ష గురించి అడగండి. కౌన్సెలింగ్‌తో పాటు మందు అవసరమైతే, సెర్ట్రలీన్ వంటి డిప్రెషన్ మందులు తల్లిపాలలోకి చాలా తక్కువగా చేరతాయి కాబట్టి సాధారణంగా పాలు మాన్పించనక్కరలేదు. మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. పది రోజులకే ఫలితం లేదని గానీ, కాస్త తేరుకోగానే అవసరం లేదని గానీ ఇంట్లోవాళ్లు ఆపించకూడదు.

ఇక ఆగకూడని పరిస్థితి ఒకటుంది. లేని మాటలు వినిపిస్తున్నాయన్నా, బిడ్డ తనది కాదనో బిడ్డలో ఏదో దుష్టశక్తి ఉందనో గట్టిగా నమ్ముతున్నా, నిద్ర అక్కరలేనట్టు అతి హుషారుగా తిరుగుతున్నా, అది ప్రసవానంతర సైకోసిస్ అనే తీవ్రమైన మానసిక వ్యాధి కావచ్చు. వెయ్యిమందిలో ఒకరిద్దరికి, చాలావరకు మొదటి రెండు వారాల్లోనే వస్తుంది. తెల్లారేదాకా చూడకుండా అప్పటికప్పుడే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి. చేరేవరకు ఆమెను ఒంటరిగా గానీ, బిడ్డతో ఒంటరిగా గానీ ఉంచకండి.