మూడో పాదం ముంచింది

తెలివి పుట్టుకతో రాదు, సాధనతోనే వస్తుందని తమ్ముడు వ్యాసం రాసి, దిద్దమని ఇచ్చాడు. ఎత్తుగడే ‘ఉప్పు కప్పురంబు నొక్కపోలిక నుండు’. వినడానికి బాగానే ఉంది. కానీ వేమన పద్యాలు మనకు కంఠతా కదా! రెండు పాదాల దగ్గర ఆపినా చదివేవాళ్ల మనసు ఆగదు, ‘పురుషులందు పుణ్యపురుషులు వేరయా’ దాకా వెళ్లిపోతుంది. కొందరు వేరే రకమనే ఆ మాట వ్యాసానికి అడ్డంగా నిలబడింది.

అది తీసేసి ‘సాధనమున పనులు సమకూరు ధరలోన’ ఒక్కటే పెట్టించాను. ‘అనగ ననగ రాగ మతిశయిల్లుచునుండు’ అని మొదలుపెడితే, తెలిసిందేలే అని దాటేస్తారు. మూడో పాదం ముందుకొస్తే కాస్త ఆగుతారు. పైగా పద్యం మొత్తం గుర్తొచ్చినా వాదానికి బలమే. వెంటనే రెండో వాక్యంలో, ఎక్కాలు రాక ఏడ్చిన పిల్లాడి సంగతి రాయించాను.